సీసపు రబ్బరు బేరింగా, లోలకపు బేరింగా: ఏది మేలు?

పునాదితో బిగించి కట్టిన నాలుగంతస్తుల భవనం ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే ఆవర్తన కాలం దాదాపు 0.5 సెకను అనుకుందాం. గట్టి నేలపై భూకంపం ఎక్కువగా కుదిపేది ఇలాంటి పొట్టి కాలపు భవనాలనే, త్వరణం 0.6g వరకు చేరిందనుకుంటే, భవనానికీ పునాదికీ మధ్య పెట్టే ఐసొలేటర్లు అనే బేరింగులతో కాలాన్ని 2.5 సెకన్లకు సాగదీసినప్పుడు అది సుమారు 0.12g కు దిగుతుంది. బలం ఐదో వంతుకు తగ్గినా, స్థానభ్రంశం 37 మిల్లీమీటర్ల నుంచి 186 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. కాకపోతే ఆ కదలిక గోడల్లో, స్తంభాల్లో కాకుండా ఐసొలేటర్ల వరుసలోనే జరుగుతుంది. దాన్ని అదుపు చేయడానికి శక్తిని హరించే ఏర్పాటు కావాలి, రెండు బేరింగుల మధ్య పోలిక అక్కడే మొదలవుతుంది.

సీసపు రబ్బరు బేరింగులో రబ్బరు, ఉక్కు పలకలు పొరలుపొరలుగా ఉండి, నడుమ సీసపు కడ్డీ ఉంటుంది. గాలికి భవనం కదలకుండా సీసమే బిగించి పట్టుకుంటుంది; భూకంపంలో అది లొంగి శక్తిని వేడిగా మారుస్తుంది, గది ఉష్ణోగ్రతలోనే తన స్ఫటిక నిర్మాణాన్ని తిరిగి సమకూర్చుకుంటుంది. కానీ దీని కాలం మోసే బరువుపై ఆధారపడుతుంది: ఇవే బేరింగులపై నాలుగో వంతు బరువున్న భవనాన్ని నిలిపితే కాలం సగానికి, 1.25 సెకన్లకు పడిపోతుంది. రబ్బరును ఇంకా మెత్తగా, సన్నగా, ఎత్తుగా చేసి ఆ లోటు పూడ్చబోతే, బేరింగు పక్కకు జరిగినప్పుడు బరువుకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

లోలకపు బేరింగులో పుటాకార ఉక్కు పళ్లెంపై ఒక జారుడు ముక్క కదులుతుంది. జారడం మొదలయ్యాక దీని కాలం T = 2π√(R/g); ఇందులో బరువు ప్రసక్తే లేదు. పళ్లెపు వక్రతా వ్యాసార్ధం 1.55 మీటర్లయితే, పైన ఏది ఉన్నా 2.5 సెకన్లే. బరువు ఎక్కువున్న చోట దృఢత్వమూ అంతే ఎక్కువ కావడంతో, బరువు ఒక పక్కకు మొగ్గిన భవనం మెలితిరగడమూ తగ్గుతుంది. లోపం ఘర్షణలోనే ఉంది: ఘర్షణ గుణకం 0.05 అయితే, కంపనం ఆగాక భవనం మధ్య నుంచి గరిష్ఠంగా 0.05 × 1.55, అంటే దాదాపు 78 మిల్లీమీటర్ల దూరంలో నిలిచిపోవచ్చు.

కాబట్టి బరువైన, సమతూకమున్న భవనానికి నేను సీసపు రబ్బరునే ఎంచుకుంటాను. తేలికైనదానికి, బరువు ఏటా మారే గోదాము వంటిదానికి లోలకమే మేలు. ఏది పెట్టినా, భవనం కదలడానికి చుట్టూ వదిలిన ఖాళీలో ఎవరూ మెట్లు కట్టకూడదు, గొట్టాలు బిగుతుగా దాటకూడదు. అలా జరిగితే భవనం వాటికి ఢీకొని, తప్పించుకున్న బలాన్నే మళ్లీ పైకి తెచ్చుకుంటుంది.

1985 భూకంపంలో మెక్సికో నగరంలోని పాత సరస్సు మట్టి దాదాపు 2 సెకన్ల కాలంతో ఊగింది. అలాంటి మెత్తని నేలపై కాలాన్ని 2.5 సెకన్లకు పెంచడమంటే భవనాన్ని ఆ ఊపుకు దగ్గరగా తీసుకుపోవడమే. అక్కడ పొట్టి భవనాన్ని పునాదికి బిగించి కట్టడమే ఈ రెంటికన్నా మేలు.