ఎకరం చుట్టూ కంచె: కడీల మధ్య 8 అడుగులా, 11 అడుగులా?

పొడవు 220, వెడల్పు 198 అడుగులున్న పొలం సరిగ్గా ఒక ఎకరం. దాని చుట్టుకొలత 836 అడుగులు.

కడీలు: కంచె తిరిగి మొదటికే కలుస్తుంది కనుక, ఎన్ని ఖాళీలుంటే అన్నే కడీలు. 11 అడుగులకొకటి పాతితే 76 పడతాయి. 8 అడుగులైతే భుజాలు సమంగా భాగించబడవు కాబట్టి, ఖాళీల దూరం కొద్దిగా తగ్గించి, పొడవు వైపు 28, వెడల్పు వైపు 25 ఖాళీల చొప్పున సర్దితే 106 అవుతాయి.

మూలలు: రెండింటికీ ఒకటే. ఒక్కో మూలకు రెండు వైపులా వాలుగా ఊత కడీలు, మొత్తం 8. ఖర్చు తగ్గుతుందని వీటిని మానేస్తే, తీగ బిగించిన కొద్దికాలానికే మూల కడీ లోపలికి ఒరుగుతుంది.

తీగ: ఇదీ మారదు. 5 వరుసలకు 4,180 అడుగులు, ముడులకూ చుట్లకూ 5 శాతం కలిపితే సుమారు 4,390.

శ్రమ, ముప్పు: 8 అడుగులకు 30 గుంతలు అదనం. 11 అడుగుల మధ్య గేదె మెడ ఆనిస్తే తీగ సాగి వరుసలు విడిపోతాయి. ఖాళీ నడుమ నిలువు తీగతో వరుసలన్నీ కలిపి కట్టాలి.

పశువులు తిరిగే దారి పక్కన 8, పొరుగు చేను వైపు 11 చాలు. నేనైతే ఒకే పొలంలో రెండూ వాడతాను.