జాగ్రత్త: ఆప్టిట్యూడ్ పుస్తకం కొనే ముందు మూడు వృత్తాల లెక్క ఒకటి వేసి చూడండి

పోటీ పరీక్షల కోసం ఈ మధ్య ఒక ఆప్టిట్యూడ్ పుస్తకం కొన్నాను. పేరు చెప్పను కానీ, వెన్ చిత్రాల అధ్యాయంలో మూడు సమితుల లెక్కలకు అందులో ఇచ్చిన జవాబులను నమ్మితే మార్కులు పోతాయి.

ఒక లెక్క చూడండి. 100 మంది విద్యార్థుల్లో సంగీతం 50 మందికి, నృత్యం 40 మందికి, చిత్రలేఖనం 30 మందికి ఇష్టం. సంగీతం, నృత్యం రెండూ ఇష్టమైనవారు 20. నృత్యం, చిత్రలేఖనం 15. సంగీతం, చిత్రలేఖనం 12. మూడూ ఇష్టమైనవారు 8. ఏదీ ఇష్టం లేనివారు ఎందరు?

పుస్తకం జవాబు 43. మూడు సమితుల మొత్తం 120 నుంచి జంటల మొత్తం 47 తీసేసి, మళ్లీ 8కి రెట్టింపు 16 తీసేశారు. మిగిలిన 57ను 100 నుంచి తీస్తే 43 వచ్చింది. జంటల సంఖ్యలు ‘ఆ రెండు మాత్రమే’ ఇష్టమైనవారివి అయినప్పుడే ఈ సూత్రం చెల్లుతుంది. ఇక్కడ ‘మాత్రమే’ అనే మాటే లేదు. కాబట్టి ఆ 20 మందిలో మూడూ ఇష్టమైన 8 మంది కూడా ఉన్నారు.

బొమ్మ గీస్తే తప్పు వెంటనే దొరుకుతుంది. పుస్తకం దారిలో నృత్యం మాత్రమే ఇష్టమైనవారు 40 నుంచి 20, 15, 8 తీసేస్తే మిగలాలి. అంటే మైనస్ 3 మంది! వివరణలో వెన్ చిత్రం ఎందుకు వేయలేదో అప్పుడు అర్థమైంది.

సరైన పద్ధతిలో మధ్య గదిలో ముందు 8 వేయాలి. జంటల గదుల్లో 20, 15, 12 నుంచి 8 చొప్పున తీసేసి 12, 7, 4 వేయాలి. ఆ తర్వాత ఒక్కటే ఇష్టమైనవారు సంగీతానికి 26, నృత్యానికి 13, చిత్రలేఖనానికి 11 మిగులుతారు. ఏడు గదులూ కలిపితే 81, కాబట్టి జవాబు 19. ఐచ్ఛికాల్లో 19, 43 రెండూ ఉన్నాయి, అదీ విచిత్రం.

ఇదే లెక్కలో ‘కనీసం రెండు ఇష్టమైనవారు ఎందరు’ అన్న ప్రశ్నకు 47 అని ఇచ్చారు. 8 మందిని మూడుసార్లు లెక్కపెట్టారన్నమాట. అసలు జవాబు 12, 7, 4, 8 కలిపి 31.

ప్రచురణకర్తకు రాస్తే ‘తర్వాతి ముద్రణలో చూస్తాం’ అన్నారు. సవరణ పత్రం ఇమ్మంటే జవాబు లేదు.

కొనబోయేవారు ఈ అధ్యాయంలో ‘మాత్రమే’ లేని లెక్క ఒకటి తీసుకుని, మధ్య గది నుంచి బయటికి ఏడు గదులూ నింపి, పుస్తకం జవాబుతో సరిచూడండి. ఇప్పటికే కొన్నవారికి ఒక మాట: రెండు సమితుల లెక్కలు నేను చూసినంతవరకు సరిగానే ఉన్నాయి. మూడు సమితుల్లో ప్రతి జంట పక్కనా ‘మాత్రమే’ అని స్పష్టంగా రాసిన లెక్కలకు జవాబులు సరిపోయాయి. తక్కినవాటికి జవాబుల పట్టిక మూసి, బొమ్మ గీసుకోండి.