నల్గొండ వాళ్లు జాగ్రత్త: మీ రైలు టికెట్ ఐడీ నెట్ షాపు వాళ్ల చేతిలో ఉంటే ఈరోజే చూసుకోండి

మా తమ్ముని బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయిద్దామని తిరుపతి ప్రయాణం పెట్టుకున్నం. తారీఖు ఆలస్యంగా ఖాయం కావడంతో నారాయణాద్రికి స్లీపర్ తత్కాల్ ఒక్కటే దారి. ముందు రోజు పొద్దున 11 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చున్న. సరిగ్గా పైసలు కట్టే ముందు, ఈ ఐడీ మీద ఈ నెల 12 టికెట్లు అయిపోయినయి అన్నట్టు మెసేజ్ వచ్చింది. నేను ఆ నెలలో ఒక్క టికెట్ కూడా తీయలేదు!

రెండేళ్ల కింద మా వాడ పక్కన ఒక నెట్ షాపులో ఐఆర్‌సీటీసీ అకౌంట్ చేయించుకున్న. ఆధార్ ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది, చెప్పిన. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చిండు, నేను మార్చుకోలేదు. అకౌంట్‌లో మొబైల్ నంబరు, మెయిల్ మాత్రం ఆయనవే పెట్టుకున్నడు. అందుకే ఆయన టికెట్లు తీసినా నాకు ఒక్క మెసేజ్ రాలేదు. "Booked Ticket History" తెరిచి చూస్తే ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ల పేర్లు, మహబూబ్‌నగర్ నుంచి, మిర్యాలగూడ నుంచి టికెట్లు వరుసగా ఉన్నయి.

ఈ లెక్క ఎట్లా నడుస్తదో నాకు ఆ రోజే తెలిసింది. ఆధార్ లేని ఐడీకి నెలకు 12 టికెట్లు. ఆధార్ లింక్ ఉంటే 24 దాకా తీయొచ్చు, కానీ 12 దాటిన తర్వాత ప్రతి టికెట్లో ఒక్క ప్రయాణికుడి ఆధార్ అయినా మన లిస్టులో ముందే సరిచూసి ఉండాలి. నా లిస్టులో మా అమ్మ పేరు కూడా లేదు. అప్పటికప్పుడు చేర్చి, ఆధార్ సరిచూసేసరికి సీట్లన్నీ పోయినయి. చంటిపిల్లను, అమ్మను పట్టుకుని బస్సులు మారుకుంటూ పోయినం, ఆ రాత్రి పిల్ల ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

2022 జూన్ దాకా ఈ పరిమితి 6, 12గానే ఉండేది. ఇంటి అవసరానికి అది చాలదని పెంచిన్రు. కానీ అసలు పరిమితి ఉన్నదెందుకంటే, దళారులు సొంత ఐడీల మీద కుప్పలుగా టికెట్లు తీసి ఎక్కువకు అమ్ముకుంటరు కాబట్టి. లైసెన్సు ఉన్న ఏజెంటుకు వేరే ఐడీ ఉంటది, తత్కాల్ మొదటి అరగంట ఆయనకు బుకింగ్ దొరకదు. అది తప్పించుకోవడానికే మనలాంటి వాళ్ల ఐడీలు కావాలి వాళ్లకు. 2025 జూలై నుంచి తత్కాల్‌కు ఆధార్ ఉన్న ఐడీ, ఆ తర్వాత ఆధార్ ఓటీపీ కూడా తప్పనిసరి చేసిన్రు. అప్పుడే నా అకౌంట్ చేసిన నెట్ షాపు ఆయన ఒకసారి ఫోన్ చేసి "అన్నా, అకౌంట్ అప్‌డేట్ చేస్తున్న, ఓటీపీ వస్తది చెప్పు" అన్నడు. చెప్పేసిన. అది నా ఆధార్ మీద ఎవరికో తీసిన తత్కాల్ టికెట్ అని హిస్టరీ చూసినంకనే అర్థమైంది.

బంధువులకు, దోస్తులకు మన ఐడీ మీద టికెట్ తీసి ఇవ్వొచ్చు, ఇంటిపేరు వేరైనా ఏం కాదు. పైసలు తీసుకుని అమ్మితేనే నేరం. రైల్వే చట్టం సెక్షన్ 143 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. అమ్మింది ఆయన, ఐడీ మీద పేరు మాత్రం నాది. నాకు అసలు టెన్షన్ అదే.

టికెట్ కొనే వాళ్లు కూడా ప్రింటు ఒకసారి చూడండి. లైసెన్సు ఏజెంటు తీస్తే ఏజెన్సీ పేరు, సర్వీస్ చార్జీ దాని మీదనే ఉంటయి. ఇది సొంత ఐడీ మీద తీసిన టికెట్, అమ్మడం కొనడం నేరం అన్న లైను కనబడితే, మీ దగ్గర ఎక్కువ పైసలు తీసుకున్న షాపు ఆయన ఎవరి ఐడీనో వాడినట్టే. ఆ టికెట్ క్యాన్సిల్ చేయాలన్నా ఆ లాగిన్ కావాలి, రీఫండ్ కూడా పైసలు కట్టిన ఖాతాకే పోతది, మీకు రాదు.

నేను అదే రోజు పాస్‌వర్డ్ మార్చి, మొబైల్, మెయిల్ నావి పెట్టుకున్న. 139కి ఫోన్ చేసి చెప్పిన, స్టేషన్‌లో ఆర్పీఎఫ్ వాళ్లకు హిస్టరీ ఫోటోలతో రాసి ఇచ్చిన. అందులో వచ్చే వారం ప్రయాణం టికెట్లు ఇంకా రెండు ఉన్నయి. క్యాన్సిల్ చేద్దామంటే మనసు ఒప్పలేదు, వాళ్లు పైసలు కట్టి రైలు కోసం ఎదురుచూస్తున్న మనుషులు, రీఫండ్ పోయేదేమో షాపు ఆయనకే. మీరు ఈ మధ్య నల్గొండలో నెట్ షాపుల టికెట్ తీయించుకుని ఉంటే, ప్రింటు తీసి ఆ లైను ఉందో లేదో చూసుకోండి.