60 మంది పీఈటీ పీరియడు: ఆరు వలసంచులు, మూడు ఈలలు వాడి చూసినంక

మా నల్లగొండ దిక్కు హైస్కూళ్లలో రెండు సెక్షన్లు కలిపి గ్రౌండుకు పంపడం మామూలే. 60 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడు, 12 బంతులు, 24 కోన్లు అనుకుందాం. స్పోర్ట్స్ రూము తలుపు దగ్గర ఒక్కో వస్తువుకు 5 సెకన్లు పట్టినా పంచడానికి 3 నిమిషాలు, వాపసు తీసుకోవడానికి ఇంకో 3. తోపులాట ఇందులో కలపలేదు.

ఆరు సంచుల పద్ధతితో ఈ టైం చాలావరకు మిగులుతుంది. పది మందికో వరుస, వరుసకో లీడరు. సంచిలో 2 బంతులు, 4 కోన్లు. బెల్లుకు ముందే లీడర్లు సంచులను సున్నం గుర్తుల మీద పెడతారు, మూతి మాత్రం విప్పరు. ముందు ఆట చెప్పాలి, తర్వాతే ఈల. బంతి చేతికొచ్చాక చెబితే ఎవరూ వినరు, దాన్ని నేలకు కొడుతూనే ఉంటారు.

ఉదాహరణకు పాస్ ఇచ్చి ఉరికే ఆట. వరుసను ఐదుగురి చొప్పున చీల్చి, రెండు కోన్లు 5 మీటర్ల దూరంలో పెట్టాలి. ఒక కోను దగ్గర ముగ్గురు, ఎదురుగా ఇద్దరు. బంతి ముగ్గురున్న వైపు నుంచే మొదలవ్వాలి. ఇద్దరి వైపు మొదలుపెడితే పాస్ ఇచ్చినోడు ఎదుటికి ఉరికాక ఇవతల ఒక్కడే మిగులుతాడు, అవతల నలుగురు ఊరికే నిలబడతారు. దూరం నుంచి చూసినా ఈ గుంపు తెలిసిపోతుంది.

ఈలలు మూడు చాలు. ఒక పొట్టి ఈలకు బంతి కింద పెట్టి ఆగాలి, రెండు పొట్టి ఈలలకు మొదలుపెట్టాలి, ఒక పొడుగు ఈలకు సామాను సంచిలో వేయాలి. ఫౌలుకు కూడా ఆ ఒక పొట్టి ఈలే ఊదితే అన్ని వరుసలూ ఆగిపోతాయి, అక్కడ నోటిమాటే మేలు. గాలి వచ్చే దిక్కున నిలబడి ఊదితే చప్పుడు పిల్లల మీదికి పోతుంది. లోపల గోళీ ఉండే ఈలలో మట్టి, ఉమ్మి పట్టి గోళీ ఇరుక్కుంటుంది, గట్టిగా ఊదినా మూగపోతుంది. గోళీ లేని ప్లాస్టిక్ ఈలకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

సంచి వలదే కావాలి. యూరియా బస్తా గట్టిదే కానీ లోపల ఎన్ని ఉన్నాయో బయటికి కనబడదు. బంతికీ సంచికీ ఒకే రంగు పెయింటు చుక్క పెడితే పక్క వరుస బంతి కలిసినా దొరికిపోతుంది. లీడరు గట్టిగా "రెండు బంతులు, నాలుగు కోన్లు" అని లెక్క చెప్పాకే వరుస లేవాలి.

లోటు లీడర్లతోనే. వాళ్లనే ఉంచితే మంచి బంతి దోస్తుకే పోతుంది. వారానికొకరిని మార్చాలి, ఆడపిల్లలకూ సంచి ఇవ్వాలి. ఆరో తరగతికి మొదట్లో కొన్ని పీరియడ్లు సామాను లేకుండా ఉత్త ఈలలే నేర్పాలి. కబడ్డీ, ఖోఖో రోజున సంచులతో పనిలేదు.