పన్నెండంగుళాల గ్లోబు, కుట్టు దారం: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

అనంతపురంలో మా హాల్లో గోడకు పెద్ద ప్రపంచ పటం ఉంది. దాని కింద బల్ల మీద పన్నెండంగుళాల గ్లోబు ఉంది. మా అమ్మాయి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు స్థిరపడినప్పటి నుంచి రెండిటికీ పని పెరిగింది. విమానం ఎక్కిందంటే చాలు, ఇంటిల్లిపాదీ ఫోన్లో ఆ చిన్న పసుపు విమానం బొమ్మనే చూస్తూ కూర్చుంటాం. బెంగళూరులో బయలుదేరిన విమానం అమెరికా వైపు పోకుండా నేరుగా పైకి, మంచు దేశాల మీదికి పోతుంటే మా అమ్మకు ఒకటే టెన్షన్. "దారి తప్పినాడేమో చూడప్పా" అంటుంది. ఆ ప్రశ్నకు గోడ మీది పటం దగ్గర జవాబు లేదు, గ్లోబు దగ్గర ఉంది. ఈ సమీక్ష దాని గురించే.

వాడే పద్ధతి సులువు. కుట్టుమిషన్ దారం ఒక మూర తీసుకుని ఒక కొసను బెంగళూరు మీద బొటనవేలితో నొక్కి పట్టాలి. రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా తీసుకుపోవాలి. మొదట దారాన్ని మనకు తోచిన దారిలోనే పరచండి: బంగాళాఖాతం, ఫిలిప్పీన్స్‌కు కొంచెం పైన, పసిఫిక్ మహాసముద్రం. ఇప్పుడు రెండో కొసను మెల్లగా లాగండి. దారం పసిఫిక్ మీద నిలవదు. జపాన్ దాటి, చైనా దాటి పైకి జారుకుంటూ పోయి సైబీరియా ఉత్తరపు అంచు మీద బిగుసుకుంటుంది. మనం జరపలేదు, అదే జరిగింది. బిగుతుగా లాగిన దారానికి గుండ్రటి ఒంటి మీద దొరికే అతి దగ్గరి దారి అదే. దాన్నే మహావృత్తం అంటారు. భూమిని కేంద్రం గుండా సరిగ్గా రెండు సగాలుగా కోస్తే పైన పడే గీతలో అది ఒక ముక్క.

ఇక కొలతలు. పన్నెండంగుళాల గ్లోబు చుట్టుకొలత 96 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, భూమిది 40,000 కిలోమీటర్లు. అంటే ఒక సెంటీమీటరుకు దాదాపు 418 కిలోమీటర్లు. బిగిసిన దారం 33న్నర సెంటీమీటర్లు వస్తుంది, అంటే 14,000 కిలోమీటర్లు. gcmap.com లో BLR-SFO అని కొట్టి చూసినా ఇంచుమించు ఇదే దూరం వస్తుంది. కుట్టు దారానికి ఇది మంచి మార్కే.

అదే గోడ మీది పటం తీసుకోండి. మాది మెర్కేటర్ పటం. మన దేశం కుడివైపు, అమెరికా ఎడమవైపు. స్కేలు పెట్టి బెంగళూరు నుంచి గీత గీస్తే అది అరేబియా సముద్రం, సూడాన్, సహారా ఎడారి, అట్లాంటిక్ దాటి అమెరికాను తూర్పు తీరం నుంచి అడ్డంగా కోసుకుంటూ పోతుంది. చూడ్డానికి ఎంత ముచ్చటైన సరళరేఖో. నిజంగా ఆ గీత వెంట పోతే దాదాపు 20,000 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టుకొలతలో సగం! కాస్త తెలివిగా పటం అంచు దాటించి పసిఫిక్ వైపు నుంచి గీసినా 16,100 దాకా అవుతుంది. దారం చూపించినదాని కంటే 2,000 కిలోమీటర్లకు పైగా ఎక్కువ.

తప్పంతా ఆ పటం సాగదీతలో ఉంది. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాటాలంటే 111 కిలోమీటర్లు పోవాలి. 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అదే డిగ్రీకి 36 కిలోమీటర్లు చాలు. ధ్రువం వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా. మన విమానం అడ్డంగా దాటాల్సినవి 160 డిగ్రీలు. వాటిని కింద దాటడం కంటే పైకి పోయి దాటడమే చౌక. మెర్కేటర్ మాత్రం పైనా కిందా ప్రతి డిగ్రీనీ ఒకే వెడల్పుతో గీస్తుంది. 60 డిగ్రీల దగ్గర భూమిని రెండింతలు, 71 దగ్గర మూడింతలు సాగదీస్తుంది. అందుకే గ్లోబు మీద తిన్నగా ఉన్న దారం పటంలో పెద్ద విల్లులా కనిపిస్తుంది. ఫోన్లోని విమానాల పటాలు కూడా చాలావరకు ఈ జాతివే.

ఇది అంత దూరాలకే. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారం పెట్టినా స్కేలు పెట్టినా తేడా కంటికి ఆనదు. సిడ్నీ నుంచి చిలీలోని శాంటియాగోకు పెడితే దారం ఈసారి కిందికి, అంటార్కిటికా వైపు వంగుతుంది. పిల్లలు మా ఇంటికొస్తే ముందు ఇదే చేయిస్తాను.

దారం సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు కొలిమా నది. సైబీరియాలో ఆ నది సముద్రంలో కలిసేచోటికి కాస్త పైన, 71 డిగ్రీల దగ్గర, దారం శిఖరం ఉండాలి. 65కే ఆగిందంటే దారం వదులుగా ఉన్నట్టే. మన వైపు గుర్తు మరీ బాగుంటుంది: లెక్క కట్టి చూస్తే ఈ దారి నంద్యాల మీదుగానే పోతుంది. గ్లోబు మీద అది బెంగళూరు నుంచి అర సెంటీమీటరు పైచిలుకు, కాబట్టి అక్కడ వేలిగోరే అడ్డం వస్తుంది.

దారానికి తెలియనివీ ఉన్నాయి. అది టిబెట్ మీదుగా పోతుంది. విమానాలు వీలైనంతవరకు ఆ పీఠభూమిని తప్పించుకుంటాయి. లోపల గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే కిందికి దిగాలి, అక్కడ దిగడానికి కింద చోటే లేదు, అంతా కొండలే. గాలి కూడా దారానికి తెలియదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చారు. అతి దగ్గరి దారి ధ్రువం దాకా పోదు కదా అనిపిస్తుంది. దారాన్ని ధ్రువం మీదుగా తిప్పి కొలవండి: 34న్నరకు కాస్త తక్కువ, అంటే అదనంగా 400 కిలోమీటర్లలోపే. అనుకూలమైన గాలి దొరికితే ఆ మాత్రం చుట్టు గిట్టుబాటే. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఇంజిన్ సమస్యతో రష్యాలోని మగడాన్‌లో దిగినప్పుడు "అమెరికా పోయేది రష్యాలో ఎందుకు దిగింది" అని వీధిలో అందరూ అడిగారు. వాళ్లందరినీ మా గ్లోబు దగ్గరికే పిలిచాను.

వస్తువులో లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. మా గ్లోబును రెండు అర్ధగోళాలుగా చేసి అతికించారు. భూమధ్యరేఖ దగ్గర అతుకు రెండు మిల్లీమీటర్లు తేడాగా ఉంది. గీతల్లో అది 80 కిలోమీటర్ల పైమాటే, భూమధ్యరేఖ దాటే దారాల లెక్కలు అక్కడే చెడతాయి. ఇంకో ఇబ్బంది, పైన ఇరుసును పట్టుకునే లోహపు చట్రం. ధ్రువం మీదుగా పోయే దారం దానికి తగులుకుంటుంది. కొనేవాళ్లు చట్రంలోంచి బంతి బయటికి వచ్చే రకం చూసుకోండి. కొండలు ఉబ్బెత్తుగా ఉండేది అందంగా ఉంటుంది గానీ దారం హిమాలయాల దగ్గర ఇరుక్కుని పక్కకు జారదు, నున్నటిదే తీసుకోండి. ఎనిమిదంగుళాలది చౌకే, కానీ దాంట్లో సెంటీమీటరుకు 630 కిలోమీటర్లు, దారం ఒక నూలుపోగు జరిగినా లెక్క మారిపోతుంది.