పొడి, గోలీలు, గమ్మీలు: రెండేళ్లు క్రియాటిన్ వాడాక

హన్మకొండలో నేను వెళ్లే జిమ్‌లో కొత్తగా చేరిన పోరగాళ్లు నెలకొకరైనా అడుగుతారు, "అన్నా, క్రియాటిన్ పొడి తీసుకోవాల్నా, గోలీలా, ఆ చాక్లెట్ల లెక్క ఉండేయా?" అని. ఒక్కొక్కరికి సెట్ల మధ్యలో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. క్రియాటిన్ అంటే కండబలం కోసం కసరత్తు చేసేవాళ్లు వాడే సప్లిమెంట్, నేను మొదలుపెట్టి రెండేళ్ల పైనే అయింది. పొడి పద్నాలుగు నెలలు, క్యాప్సూల్స్ నాలుగు నెలలు, గమ్మీలు రెండు నెలలు, తర్వాత మళ్లీ పొడి. బ్రాండ్ పేర్లు చెప్పను, అడగొద్దు. మూడింట్లోనూ ఉన్నది క్రియాటిన్ మోనోహైడ్రేటే, కాబట్టి పని చేసే సరుకులో తేడా లేదు. తేడా అంతా ఆ సరుకు రోజూ మన లోపలికి ఎంత వెళ్తోంది, దానికి ఎంత కడుతున్నాం అన్న దగ్గరే.

ముందు ఖర్చు, ఎందుకంటే నాలుగు నెలలు క్యాప్సూల్స్ కొన్నాక గానీ నాకు లెక్క వేయాలని తట్టలేదు. పొడి 250 గ్రాముల డబ్బా 549 రూపాయలకు తెచ్చుకున్నా, అంటే గ్రాము రెండు రూపాయల ఇరవై పైసలు. క్యాప్సూల్స్ 120 ఉన్న సీసా 849, ఒక్కోదాంట్లో 750 మిల్లీగ్రాములు, అంటే సీసా మొత్తం మీద ఉన్నది 90 గ్రాములే, గ్రాము తొమ్మిదిన్నరకు దగ్గర. గమ్మీలు 60 ఉన్న డబ్బా 1,099. దాని ముందు వైపు పెద్ద అక్షరాల్లో 5 గ్రాములు అని ఉంటుంది, వెనక చిన్నగా ఆ 5 గ్రాములు నాలుగు గమ్మీలకు అని ఉంటుంది. అంటే ఒక్కోటి 1.25 గ్రాములు, డబ్బా మొత్తం 75 గ్రాములు, గ్రాము పద్నాలుగున్నర పైనే. అదీ లేబుల్ నిజం చెబితే. డబ్బా ముందు వైపు చూసి కొనేవాడు 60 గమ్మీలంటే రెండు నెలలు వస్తాయనుకుంటాడు, నేనూ అట్లనే అనుకున్నా, రోజుకు నాలుగు తింటే పదిహేను రోజుల్లో ఖాళీ. అందుకే గోలీల సంఖ్య, రుచి, డబ్బా సైజు ఇవన్నీ పక్కన పెట్టి, మొత్తం క్రియాటిన్ ఎన్ని గ్రాములో చూసి ధరను దాంతో భాగించండి. నిమిషం పని.

ఇక మోతాదు. పొడి మీద అందరూ చేసే ఫిర్యాదు ఇదే, స్కూప్‌తో తీస్తే ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ వస్తుంది, క్యాప్సూల్ అయితే కొలిచి నింపుతారు కదా అని. మాట నిజమే. నా దోస్తుకు బంగారం దుకాణం ఉంది, ఒక ఆదివారం మధ్యాహ్నం గిరాకీ లేని టైంలో డబ్బా పట్టుకుని వాడి దగ్గరికి పోయిన. బంగారం తూచే కాటా మీద కాగితం పెట్టి, సున్నా చేసి, స్కూప్ మీద స్కూప్ తూచినం. డబ్బా మీద స్కూప్ అంటే 3 గ్రాములు అని రాసి ఉంది. కత్తితో అంచు సమం చేస్తే 3.2, 3.3 దగ్గర వచ్చింది. నేను రోజూ తీసినట్టు డబ్బాలో గుచ్చి, గోడకు కొంచెం ఒత్తి తీస్తే 4.1 వచ్చింది. వానాకాలంలో గడ్డలు కట్టిన పాత డబ్బాలోంచి తీస్తే మధ్యలో గాలి సందులు ఉండి 2.6 వచ్చింది. "ఇంత తేడా బంగారంల చేస్తే నన్ను చౌరస్తాల నిలబెడుతరు రా" అన్నాడు వాడు. స్కూప్ కొలిచేది చోటును, బరువును కాదు. పొడి ఎంత మెత్తగా ఆడించారు, ఎంత కుదించుకుపోయింది అన్నదాన్ని బట్టి అదే స్కూప్‌లో బరువు మారుతుంది.

కానీ ఆ తేడాకు టెన్షన్ పడాల్సింది లేదు, ఎందుకో చెప్తా. క్రియాటిన్ వేసుకున్న గంటకు పని చేసే మందు కాదు. కండరాల్లో నిల్వ ఉంటుంది, డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సుమారు 120 గ్రాములు, అందులోంచి రోజుకు రెండు గ్రాముల దాకా క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. మనం వేసుకునేది ఆ నిల్వను పైకి తెచ్చి అక్కడే నిలపడానికి. లోడింగ్ అని మొదట్లో కొన్ని రోజులు ఎక్కువ మోతాదు వేసుకుంటారు, అది లేకుండా రోజుకు మూడు గ్రాముల చొప్పున వేసుకుంటే మూడు నాలుగు వారాల్లో నిల్వ నిండుతుంది, మానేస్తే పడిపోవడానికి కూడా వారాలే పడుతుంది. కాబట్టి సోమవారం 2.6, మంగళవారం 4.1 పడితే ఒంటికి ఒకటే. నెల మొత్తం మీద సగటు ఎంత అన్నదే లెక్క.

ఆ సగటు కనుక్కోవడానికి కాటా కూడా అక్కర్లేదు. కొత్త డబ్బా విప్పిన రోజు మూత మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాస్తా. ఖాళీ అయిన రోజు లెక్క చూస్తా. పోయినసారి డబ్బా 71 రోజులు వచ్చింది, 250ని 71తో భాగిస్తే రోజుకు మూడున్నర గ్రాములు. మూడుకు, ఐదుకు మధ్య ఎక్కడున్నా నాకు సరే. అదే డబ్బా 110 రోజులు వచ్చిందంటే స్కూప్ సరిగ్గా నిండట్లేదు, లేదా మధ్యలో చాలా రోజులు మర్చిపోయినట్టు.

క్యాప్సూల్స్ కూడా అదే కాటా మీద చూసినం. పది విప్పి లోపలి పొడి అంతా కాగితం మీద పోస్తే 7.4 గ్రాములు. లేబుల్ ప్రకారం ఏడున్నర ఉండాలి. అంటే మాట నిలబెట్టుకున్నట్టే. ఇబ్బంది వేరే ఉంది, మూడు గ్రాములు కావాలంటే రోజుకు నాలుగు పెద్ద గోలీలు మింగాలి, ఐదు గ్రాములు అంటే ఏడు. మొదటి నెల ఉత్సాహంగా మింగిన, తర్వాత రెండు మింగి మిగతావి సాయంత్రం చూద్దాంలే అని వదిలేయడం మొదలైంది. ఒక్కో గోలీ కచ్చితంగానే ఉంది, రోజు లెక్కే తప్పింది. నాలుగు నెలల్లో మూడు సీసాలు కూడా పూర్తి కాలేదు, 120 రోజులకు నాలుగు సీసాలు అయిపోవాలి. సగటున రెండు గ్రాముల చిల్లరే పడింది. చేత్తో స్కూప్ గుచ్చి తీసిన పొడి కంటే అధ్వానం.

ఇంకోటి, గోలీ తొక్క చాలా వాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్. శనివారం నీసు ముట్టని ఇల్లు మాది, అమ్మ సీసా తిప్పి చూసి ఆకుపచ్చ చుక్క లేదేంది అని అడిగితే గానీ నాకు వెలగలేదు. మొక్కల సెల్యులోజ్ తొక్కతో వచ్చేవి ఉన్నాయి, గుర్తు చూసి తీసుకోవాలి. క్రియాటిన్ మాత్రం ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసేదే, మాంసం నుంచి తీయరు, మామూలు పొడితో ఆ తంటా లేదు.

గమ్మీల సంగతికి వస్తే, తినడానికి బాగుంటాయి, అందులో అబద్ధం లేదు. మా అన్న కొడుకు దాచిపెట్టినా వెతుక్కుని రెండు తినేశాడు, అదొక తలనొప్పి. నా అసలు అనుమానం లోపలి సరుకు మీద. క్రియాటిన్‌కు తేమ, పులుపు, వేడి పడవు, తడిలో ఉండే కొద్దీ మెల్లగా క్రియాటినిన్‌గా మారిపోతుంది, దాంతో కండకు ఉపయోగం లేదు. పొడి ఎండుగా ఉంటుంది కాబట్టి డబ్బాలో ఏళ్లు నిలుస్తుంది. గమ్మీ చేయాలంటే పాకం కాచాలి, నీళ్లు కావాలి, పుల్లటి రుచికి సిట్రిక్ ఆమ్లం వేస్తారు, పడని మూడూ ఒకే చోట. అమెరికాలో స్వతంత్ర ల్యాబుల్లో పరీక్షిస్తే కొన్ని గమ్మీల్లో లేబుల్ మీద రాసినదానికి చాలా తక్కువ క్రియాటిన్ దొరికింది, కొన్నిట్లో దాదాపు ఏమీ లేదు. సరిగ్గా చేసేవాళ్లూ ఉన్నారు, కాకపోతే ఏది ఏదో చేతిలో పట్టుకుని చెప్పలేం.

నేను కొన్నదాన్ని తూచి చూసిన. ఒక్కోటి 3.4 గ్రాములు. అందులో 1.25 క్రియాటిన్ అంటే మూడో వంతు పైనే పొడి ఉండాలి. అది నీళ్లలో అంత తేలిగ్గా కరిగే పదార్థం కాదు, కాబట్టి నమిలితే ఎంతో కొంత ఇసుకలా పళ్లకు తగలాలి. నాది జున్నులా నున్నగా ఉంది. ఇది రుజువు కాదు, నాకు ల్యాబ్ లేదు. కంపెనీకి మెయిల్ పెట్టి ఆ బ్యాచ్ పరీక్ష రిపోర్టు అడిగిన, రెండు వారాలకు పది శాతం తగ్గింపు కూపన్ పంపారు, రిపోర్టు పంపలేదు. పొడిలో స్కూప్ తేడా ఒకరోజు అటు, ఒకరోజు ఇటు పోయి సర్దుకుంటుంది. గమ్మీలో సరుకే తక్కువుంటే రోజూ తక్కువే, ఎన్ని నెలలు తిన్నా సర్దుకోదు, లెక్క చూసుకునే దారీ లేదు.

పైగా మే నెల. డబ్బాను మధ్యాహ్నం బండి డిక్కీలో మర్చిపోయి జనగామలో పని చూసుకుని వచ్చేసరికి అన్నీ కరిగి ఒకే ముద్ద. ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక చాకుతో కోసుకుని తిన్న రెండు వారాలు, ముక్కకు ఎన్ని గ్రాములో దేవుడికే తెలియాలి.

పొడి వాడకంలో ఉన్న చికాకులు కూడా చెప్తా. ఒకటి, చల్లటి నీళ్లలో కరగదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లకు సుమారు 14 గ్రాములే కరుగుతుంది, అంటే గ్లాసు నీళ్లలో మూడు గ్రాములు కూడా పూర్తిగా కరగవు, ఫ్రిజ్ నీళ్లయితే ఇంకా తక్కువ. మొదట్లో అడుగున మిగిలిన తెల్లటి మడ్డిని రోజూ సింకులో పారబోసిన, "సున్నం తాగుతున్నవారా" అని అమ్మ గొడవ. ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లలో కలుపుతా, తాగాక ఇంకో రెండు గుక్కల నీళ్లు పోసి గ్లాసు తిప్పి అదీ తాగేస్తా. కరగకపోయినా పర్లేదు, కడుపులోకి వెళ్తే చాలు. మజ్జిగలోనైనా టీలోనైనా వేసుకోవచ్చు, కలిపి గంటలు గంటలు ఉంచకుండా అప్పుడే తాగాలి. రెండు, వానాకాలంలో గడ్డకడుతుంది. గడ్డ కట్టినంత మాత్రాన పాడైనట్టు కాదు, చెంచాతో చిదిపి వాడుకోవచ్చు. తడి స్కూప్ మాత్రం లోపల పెట్టొద్దు. మూడు, తొందరపడి ఒకేసారి పది గ్రాములు వేసుకుంటే కడుపు కడిగేస్తుంది, ఇది స్వానుభవం.

ప్రయాణాలకు క్యాప్సూల్సే మేలు అంటారు. నేను వారంలో మూడు రోజులు కరీంనగర్, సిద్దిపేట తిరుగుతా, మొదట్లో అందుకే కొన్నా. తర్వాత అర్థమైంది, నిల్వ నిండాక రెండు మూడు రోజులు మానేస్తే పోయేదేమీ లేదు, దానికోసం నాలుగింతల ధర ఎందుకు. వారం దాటే ప్రయాణమైతే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పొడి, దాంట్లోనే పాత స్కూప్.

ఒక జాగ్రత్త. ఏది వాడినా రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగి కనిపించవచ్చు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో నాకు 1.38 వచ్చింది, డాక్టరుకు వాడుతున్న సంగతి చెబితే నెల ఆపి మళ్లీ చేయించమన్నారు, 1.06కు దిగింది. పరీక్షకు ముందే చెప్పండి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలే పెట్టొద్దు.

గోలీలు మింగడం అలవాటున్నవాళ్లు, పొడి ముఖం చూస్తేనే వాంతి వచ్చేవాళ్లు క్యాప్సూల్స్ తీసుకోండి, డబ్బు ఎక్కువైనా సరుకు ఉంటుంది. గమ్మీలు మాత్రం ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు చూపిస్తే తప్ప నేను కొనను. క్యాప్సూల్ సీసాలో మిగిలినవి మొన్న విప్పి పొడి డబ్బాలో పోసేసిన, అందుకే ఈసారి డబ్బా రోజుల లెక్క కొంచెం తప్పుతుంది.