4.5 స్టార్లు చూసి సామాను అప్పగించకండి, ఆ స్టార్లు ఏ నెలలో పడ్డాయో చూడండి

హైదరాబాద్ నుంచి విశాఖకు ఇల్లు మార్చే ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్ల గురించి ఈ పోస్టు. మాట్లాడుకున్నది 18 వేలు. సామానంతా లారీలోకి ఎక్కి తాళ్లు బిగించాక, సూపర్‌వైజర్ వచ్చి "ఇంకో 9 వేలు పడితేనే బండి కదులుద్ది" అన్నాడు. దించేయమంటే దింపుడు కూలీ కూడా అడిగాడు. అప్పటికే ఇంటి తాళాలు ఓనర్ చేతికి వెళ్లిపోయాయి. ఆ క్షణంలో ఎవరైనా కట్టేస్తారని వాళ్లకు బాగా తెలుసు.

బాధేమిటంటే ఇదంతా వాళ్ల గూగుల్ మ్యాప్స్ పేజీలోనే ఉంది. ముందే చూడకపోవడం మన తప్పే.

మొత్తం రివ్యూలు 240. Sortలో Newest పెట్టి కిందిదాకా లెక్కపెడితే 5 స్టార్లవి 204, 1 స్టార్‌వి 26, మధ్యలో 4, 3, 2 స్టార్లవి అన్నీ కలిపి 10. ఇంతవరకు అనుమానించక్కర్లేదు. బాగా నచ్చినవాళ్లు, బాగా మండినవాళ్లే ఎక్కువగా రాస్తారు కాబట్టి నిజాయితీగా నడిచే షాపుకైనా రెండు చివర్లే బరువుగా ఉంటాయి.

తేడా తేదీల్లో తెలుస్తుంది. ఆ 204లో 150 రివ్యూల కింద ఒకటే మాట, "3 నెలల క్రితం". అంతకుముందు నెలకు ఐదారు దాటని చోట ఒక్క నెలలో 150! ఆ 150కి ముందు రెండు నెలల్లో వరసగా ఏడు 1 స్టార్లు పడ్డాయి, అంటే పడిపోతున్న సగటును లేపడానికే వేయించారని నా నమ్మకం. ఆ 150 తీసేసి మిగిలిన 90కి సగటు కడితే 3.7 వస్తుంది.

రివ్యూలు ఒక్కసారిగా పెరిగితే మోసమేనని మాత్రం అనుకోకండి. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టినా, కొత్త బ్రాంచి తెరిచినా పెరుగుతాయి. కానీ అప్పుడు వాటిలో 4లు, 3లు కూడా కలుస్తాయి, ఆ పెరుగుదల తర్వాత నెలల్లోనూ ఎంతో కొంత నిలుస్తుంది. ఇక్కడ ఆ నెలలో ఒక్క 4 కూడా లేదు. ఆ తర్వాత రెండు నెలల్లో వచ్చినవి 14, అందులో 9 మళ్లీ 1 స్టారే.

ఇక Lowest పెట్టి ఆ 26 చదివితే, అవి ఏ ఒక్క నెలలోనో కుప్పగా పడినవి కావు, రెండేళ్ల పొడుగునా ఉన్నాయి. పోటీ షాపువాళ్లు కక్షతో వేయిస్తే అవి కూడా ఒకేసారి పడతాయి. వేర్వేరు మనుషులు, వేర్వేరు నెలలు, అయినా ఫిర్యాదు ఒకటే: "లోడ్ అయ్యాక ఎక్స్‌ట్రా అడిగారు".

ఒక చిక్కుంది. మ్యాప్స్‌లో పాతవాటికి నెల కనిపించదు, "ఏడాది క్రితం" అని మాత్రమే ఉంటుంది. కాబట్టి ఈ లెక్క గడిచిన 12 నెలలకే కట్టండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు కొటేషన్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి.